‘వెళ్తున్నా అని ఫోన్‌లో చెప్పాడండీ’: భార్య మాట కోర్టులో నిలుస్తుందా?

కృష్ణలంక శ్రీను
మా జిల్లా పేపర్‌లో వారం నుంచి ఒక హత్య కేసు విచారణ వార్త వస్తోంది. ఊరు, పేర్లు రాయను. చనిపోయినాయన చిన్న వడ్డీ వ్యాపారి. మూడు రోజుల తర్వాత కాలువలో శవం దొరికింది. చంపుతుండగా చూసినవాళ్లు ఎవరూ లేరు. ఇప్పటిదాకా చెప్పిన సాక్షుల్లో ముగ్గురి సంగతి నాకు అర్థం కాలేదు.

ఒకటి, భార్య. ‘ఆ రోజు సాయంత్రం మా ఆయన ఫోన్ చేసి, ఫలానా ఆయన బాకీ ఇస్తానన్నాడు, వాళ్లింటికి వెళ్తున్నా అన్నాడు’ అంది. ఆ ఫలానా ఆయనే ఇప్పుడు నిందితుడు. అది హియర్‌సే, అంటే వేరేవాళ్ల నోట విన్న మాట, తీసుకోకూడదని డిఫెన్స్ లాయర్ అభ్యంతరం చెప్పాడట.
రెండు, టీ కొట్టు ఆయన. ‘వాళ్లిద్దరికీ గొడవలున్నాయని బజార్లో అందరూ అనుకునేవాళ్లు’ అన్నాడు.
మూడు, పెట్రోల్ బంకు కుర్రాడు. రాత్రి ఏడు గంటలప్పుడు ఇద్దరూ ఒకే బండి మీద పోతుంటే చూశాడట.

భార్య మాటా, టీ కొట్టు ఆయన మాటా రెండూ విన్న మాటలే కదా. మరి రెండూ ఒకటేనా? కళ్లారా చూసినవాడు లేనప్పుడు అసలు శిక్ష ఎలా వేస్తారు? లాయర్లు ఎవరైనా ఉంటే మామూలు భాషలో చెప్పండి, సెక్షన్లు పోగేసి కాదు.

వేణు డల్లాస్
శ్రీను గారూ, హియర్‌సే అంటే కోర్టు తీసుకోదు, అంతే. చనిపోయే ముందు చెప్పిన మాటకు మినహాయింపు ఉంది కానీ, చెప్పేవాడికి ‘ఇక నేను బతకను’ అని తెలిసి ఉండాలి. చావు ముందు మనిషి అబద్ధమాడడని నమ్మకం కాబట్టి. ఈయన హాయిగా బాకీ వసూలుకు బయల్దేరాడు, చస్తానని ఆయనకేం తెలుసు? కాబట్టి భార్య సాక్ష్యం పోయినట్టే. నేను ఇక్కడ జ్యూరీలో కూర్చున్నాను, ఇవన్నీ బాగా వివరించారు.

బుజ్జి_రేపల్లె
కళ్లతో చూసినవాడు లేకపోతే కేసే లేదు. ‘సర్కమ్‌స్టాన్షియల్’, అదే పరిస్థితుల సాక్ష్యం అంటే పోలీసులు అల్లిన కథ అని అర్థం 😄

అడ్వకేట్ సత్యవతి, కాకినాడ
వేణు గారు చెప్పిన చావు భయం షరతు అమెరికాకు సరిపోతుంది. మన దగ్గర ఆ షరతు లేదు. ఇది తేలింది కూడా మన పిఠాపురం మనిషి కేసులోనే. కాస్త ఓపిగ్గా చదవండి, శ్రీను గారి కేసుకు అచ్చు కవల పిల్లలా ఉంటుంది.

1937. పిఠాపురం దివాన్ దగ్గర నూకరాజు అనే బంట్రోతు. దివాన్ గారి కూతురు, అంటే పాకాల నారాయణస్వామి భార్య, అంతకు ముందు ఏడు ఈ నూకరాజు దగ్గర 3000 రూపాయలు నూటికి 18 వడ్డీకి అప్పు తీసుకుంది. మార్చి 20, శనివారం, నూకరాజుకు బరంపురం రమ్మని ఒక ఉత్తరం వచ్చింది. సంతకం లేదు. అప్పటికి ఆ దంపతులు బరంపురంలో ఉన్నారు. నూకరాజు ఆ ఉత్తరం భార్యకు చూపించి, ‘ఆవిడ డబ్బు తీసుకెళ్లమని రాసింది, బరంపురం వెళ్తున్నా’ అని చెప్పాడు. ఆదివారం ఇంట్లోంచి బయల్దేరాడు. మంగళవారం పూరీ స్టేషన్‌లో, మూడో తరగతి పెట్టెలో ఎవరూ దించుకోని స్టీలు ట్రంకు ఒకటి కనిపించింది. తెరిస్తే ఏడు ముక్కలుగా శవం. భార్యే వచ్చి గుర్తుపట్టింది.

ఆ కేసు లండన్‌లో, అప్పట్లో మన చివరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1939లో తీర్పు. అక్కడ డిఫెన్స్ వాదన వేణు గారి వాదనే: ఆ మాట చెప్పినప్పుడు ఆయనకు చావు భయం లేదు, అప్పటికి హత్య అనేదే లేదు, కాబట్టి చెల్లదు అని. కోర్టు ఒప్పుకోలేదు. మన ఎవిడెన్స్ చట్టం 32వ సెక్షన్ ప్రకారం, చనిపోయిన మనిషి తన చావుకు కారణం గురించి గానీ, ఆ చావుకు దారితీసిన వ్యవహారపు పరిస్థితుల గురించి గానీ చెప్పిన మాట సాక్ష్యంగా వస్తుంది. చస్తానని తెలిసి ఉండక్కర్లేదు. ‘ఫలానా చోటికి, ఫలానా మనిషి పిలిస్తే, ఫలానా పనికి వెళ్తున్నా’ అనడం ఆ వ్యవహారంలో భాగమే అన్నారు.

అదే తీర్పులో హద్దు కూడా గీశారు. ఊరికే ‘నాకు వాడంటే భయంగా ఉంది’, ‘వాడి మీద అనుమానం’ లాంటి మాటలు, చావు సందర్భంతో నేరుగా ముడిపడకపోతే, లోపలికి రావు.

కాబట్టి ఆ భార్య చెప్పింది కోర్టు వినొచ్చు. నమ్ముతుందా లేదా అనేది రెండో మెట్టు.

వేణు డల్లాస్
ఓ. మన చట్టం ఇంగ్లీషు వాళ్లు రాసిందే కదా, ఒకటే అనుకున్నా.

అడ్వకేట్ సత్యవతి, కాకినాడ
రాసింది వాళ్లే. కానీ 1872లో ఇక్కడికి రాసేటప్పుడు ఈ విషయంలో వాళ్ల ఇంటి రూలును వదిలేశారు.

లక్ష్మీకాంతం
అమ్మా సత్యవతీ, నాదీ ఇలాంటిదే. మా మామగారు చనిపోయే ముందు ‘చెరువు గట్టు కింద ఎకరం చిన్న కోడలికే’ అని పది మంది ముందు అన్నారు. నాలుగు రోజులకు పోయారు. ఇప్పుడు బావగారు కాదంటున్నారు. విన్నవాళ్లు ఇద్దరు ఇంకా ఉన్నారు. ఇది మరణ వాంగ్మూలమే కదా? కోర్టులో చెల్లుతుందా?

అడ్వకేట్ సత్యవతి, కాకినాడ
లక్ష్మీకాంతం గారూ, కాదండీ. చనిపోయే ముందు చెప్పిన ప్రతి మాటా మరణ వాంగ్మూలం కాదు. మామగారి చావు ఎలా వచ్చిందన్నది మీ తగాదాలో ప్రశ్నే కాదు, భూమి ఎవరిదన్నదే ప్రశ్న. మామూలు హిందూ కుటుంబంలో వీలునామా రాతలో ఉండాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. నోటి మాటతో ఎకరం చేతులు మారదు. అయితే ఆ భూమి ఎవరి సాగులో ఉంది, శిస్తు ఎవరు కట్టారు, పెద్దమనుషుల పంపకం కాగితం ఏమైనా ఉందా చూసుకుని, సివిల్ కేసులు చూసే లాయర్‌ని కలవండి. దీన్ని వేరే ప్రశ్నగా పెట్టండి, ఇక్కడ కలిసిపోతుంది.

లక్ష్మీకాంతం
సాగు మాదే. సరే తల్లీ, వేరేగా పెడతా.

రిటైర్డ్ బెంచ్ క్లర్క్
ముప్పయ్యేళ్లు సెషన్స్ కోర్టులో జడ్జి గారి ముందు కూర్చున్నాను. టీ కొట్టు ఆయన సంగతి నేను చెబుతా.

‘అందరూ అనుకునేవాళ్లు’ అని సాక్షి అనగానే డిఫెన్స్ లాయరు లేస్తాడు. ‘ఎవరనుకున్నారు? పేరు చెప్పు’ అంటాడు. సాక్షి నీళ్లు నములుతాడు. ఒకసారి ఒక సాక్షి ‘మా బామ్మర్ది అన్నాడండీ’ అన్నాడు. జడ్జి గారు ప్రభుత్వ లాయరు, అదే పీపీ వైపు చూసి, ‘అయితే ఆ బామ్మర్దిని తీసుకురండి’ అన్నారు. ఆ ఒక్క ముక్కలో ఉంది అసలు సంగతి. చూసినవాడు బతికే ఉన్నప్పుడు వాడే బోనెక్కాలి, ప్రమాణం చేయాలి, క్రాస్‌లో అవతలి లాయరు ప్రశ్నలకు నిలబడాలి. విన్నవాణ్ని ఎంత క్రాస్ చేసినా లాభం లేదు. ‘ఎంత దూరం నుంచి చూశావు, దీపం ఉందా, వాడికీ నీకూ పాత కక్ష ఉందా’ అని అడిగితే, ‘నాకేం తెలుసండీ, నేను విన్నా’ అంటాడు, తప్పించుకుంటాడు. క్రాస్‌కు దొరకని మాట కాబట్టే దాన్ని బయట పెడతారు, అబద్ధమని కాదు.

భార్య విషయంలో చెప్పిన మనిషి చచ్చిపోయాడు, తీసుకురాలేరు. అందుకే చట్టం ఆ ఒక్క దారి తెరిచింది. టీ కొట్టు దగ్గర కబుర్లు చెప్పినవాళ్లు బజార్లోనే తిరుగుతున్నారుగా!

కృష్ణలంక శ్రీను
ఇది బాగా అర్థమైంది సార్. మరి చనిపోయేలా ఉన్నాడని మేజిస్ట్రేట్ వచ్చి వాంగ్మూలం రాసుకున్నాక, ఆ మనిషి బతికి బట్టకడితే?

అడ్వకేట్ సత్యవతి, కాకినాడ
సరిగ్గా అదే జరిగింది చిలకలూరిపేట బస్సు దహనం కేసులో. 1993 మార్చి 8న దోపిడీకొచ్చినవాళ్లు బస్సుకు నిప్పంటించారు, 23 మంది చనిపోయారు. కాలిన గాయాలతో ఆసుపత్రిలో ఉన్న ఇద్దరు ఇక బతకరనుకుని మేజిస్ట్రేట్ వాంగ్మూలాలు రాసుకున్నారు. ఇద్దరూ బతికారు. 1996లో సుప్రీంకోర్టు ఏమందంటే, మనిషి బతికి ఉన్నాడు కాబట్టి అది మరణ వాంగ్మూలం కాదు. పోనీ, ఘటన వేడిలో అప్పటికప్పుడు అరిచిన మాటగా తీసుకుందామా అంటే, ఘటనకూ ఆసుపత్రిలో చెప్పడానికీ మధ్య సమయం గడిచింది, అదీ కుదరదు. ఆ మనుషులే వచ్చి కోర్టులో చెప్పాలి. ముందు రాసుకున్నది వాళ్ల మాటకు ఊతంగా మాత్రం పనికొస్తుంది.

అంటే కాగితం అదే, అక్షరాలు అవే. మనిషి పోతే ఒక విలువ, బతికితే ఇంకో విలువ.

బుజ్జి_రేపల్లె
చదువుతుంటే తల తిరుగుతోంది గానీ బాగుంది. కానీ నా మాట అలాగే ఉంది. భార్య మాట లోపలికొచ్చిందనుకుందాం. ఆయన అక్కడికి ‘వెళ్తున్నా’ అన్నాడు. వెళ్లాడని కాదు. వెళ్లినా, చంపింది వాడే అని ఎక్కడుంది?

అడ్వకేట్ సత్యవతి, కాకినాడ
బుజ్జి గారూ, డిఫెన్స్ లాయర్‌గా మీకు ఉద్యోగం ఇవ్వొచ్చు. అసలు ప్రశ్న ఇదే.

నూకరాజు భార్య మాట ఒక్కదాని మీద నారాయణస్వామికి శిక్ష పడలేదు. ఆ మాట ఇచ్చింది ఒక్క లంకె మాత్రమే, బరంపురానికి ఎందుకు బయల్దేరాడన్నది. అప్పు ఉందనడానికి నూకరాజు ఇంట్లో దొరికిన చీటీలు, ఉత్తరాలు యాభై దాకా ఉన్నాయి, ఆవిడ సంతకాలతో. ట్రంకు ఎక్కడ కొన్నారు, స్టేషన్‌కు ఎలా చేరింది అన్నదానికి వేరే సాక్షులు వచ్చారు. విచిత్రం ఏంటంటే, నారాయణస్వామి పోలీసులకే చెప్పాడు, ‘నూకరాజు మా ఇంటికి వచ్చాడు, మర్నాడు సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు’ అని. ప్రాసిక్యూషన్‌కు అంతకంటే ఏం కావాలి? కానీ ప్రివీ కౌన్సిల్ ఆ మాటను పక్కన పెట్టింది. దర్యాప్తులో పోలీసులకు చెప్పింది విచారణలో వాడకూడదు, ఆ నిషేధం నిందితుడి మాటకూ వర్తిస్తుందని. అది తీసేశాక కూడా మిగిలింది సరిపోతుందని చెప్పి అప్పీలు కొట్టేశారు.

అందుకే పేపర్లో ‘పోలీసుల ముందు ఒప్పుకున్న నిందితుడు’ అని పెద్ద అక్షరాల్లో చదివి కేసు అయిపోయిందనుకోకండి. ఆ ఒప్పుకోలు కోర్టు గుమ్మం దాటదు. వాడు చూపించిన చోట కత్తి దొరికితే, దొరకడానికి దారితీసిన ఆ కాస్త ముక్క మాత్రం లోపలికొస్తుంది.

రిటైర్డ్ బెంచ్ క్లర్క్
ఆ ముక్కకు కూడా కత్తి దొరికినప్పుడు పక్కనుండి సంతకం పెట్టే మధ్యవర్తులు కావాలి. సగం కేసుల్లో వాళ్లు ‘స్టేషన్‌లో సంతకం పెట్టమంటే పెట్టామండీ’ అని అడ్డం తిరుగుతారు. అక్కడ తెగుతుంది లంకె.

పేపర్_డెస్క్
నేను జిల్లా డెస్క్‌లో పని చేస్తా, ఏ పేపరో అడక్కండి. పెద్ద అక్షరాల తప్పు మాదే, ఒప్పుకుంటున్నా. రిపోర్టర్ పంపేది నాలుగు లైన్లు, అది కూడా పీపీ బయటికొచ్చి చెప్పింది. క్రాస్‌లో ఏం జరిగిందో మాకు రాదు. సాక్షి చీఫ్‌లో, అంటే ముందు పీపీ అడిగినప్పుడు చెప్పింది మాత్రమే చదివి మీరు తీర్పు రాసేస్తారు.

రిటైర్డ్ బెంచ్ క్లర్క్
ఇంకోటి. మీరు ‘కోర్టు ఆ ఫోటోను సాక్ష్యంగా స్వీకరించింది’ అని రాస్తారు. మేం దానికి ఎగ్జిబిట్ నంబరు వేశాం, అంతే. నంబరు పడినంత మాత్రాన అది రుజువైనట్టు కాదు బాబూ.

అడ్వకేట్ సత్యవతి, కాకినాడ
పేపర్ క్లిప్పింగే ఒక హియర్‌సే అని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది లెండి. రాసిన విలేకరి వచ్చి, తను స్వయంగా చూసింది చెబితే తప్ప అందులోని సంగతికి రుజువు కాదు. మనం ఇక్కడ మాట్లాడుకునేదంతా దాని మీద కట్టిన మేడే.

వేణు డల్లాస్
అయితే బంకు కుర్రాడు? అతను కళ్లారా చూశాడు కదా. అది హియర్‌సే కాదు. ఇద్దరూ కలిసి వెళ్లారు, ఒకడు శవమయ్యాడు. రెండోవాడే చెప్పాలి ఏమైందో. అక్కడితో కేసు తేలిపోలేదా?

అడ్వకేట్ సత్యవతి, కాకినాడ
సగం కరెక్టు. అతను చూసింది ప్రత్యక్ష సాక్ష్యమే, కానీ చూసింది బండి మీద పోవడం, చంపడం కాదు. ఒకదాని నుంచి రెండోది మనం ఊహించుకోవాలి. ‘చివరిసారి కలిసి కనిపించారు’ అన్నది బలంగా నిలబడాలంటే, కనిపించిన సమయానికీ చావు సమయానికీ మధ్య సందు చాలా చిన్నదిగా ఉండాలి, ఇంకో మనిషి దూరడానికి వీల్లేనంత. శ్రీను గారూ, పోస్టుమార్టం డాక్టర్ చావు ఎప్పుడు జరిగిందన్నాడో రాశారా?

కృష్ణలంక శ్రీను
‘శవం దొరకడానికి రెండు నుంచి మూడు రోజుల ముందు’ అని.

అడ్వకేట్ సత్యవతి, కాకినాడ
అదిగో. నీళ్లలో నానిన శవానికి అంతకంటే కచ్చితంగా చెప్పడం కష్టం. మూడు రోజులైతే ఆ రాత్రే. రెండు రోజులైతే మర్నాడు. మర్నాడైతే ఈ మధ్యలో ఆయన ఎవరిని కలిశాడో ఎవరికి తెలుసు? నేను డిఫెన్స్‌లో ఉంటే డాక్టర్ని ఆ ఒక్క రోజు దగ్గరే గంట నిలబెడతా.

నిందితుడే చెప్పాలి అన్న సెక్షన్ ఉంది, నిజమే. తనకు మాత్రమే తెలిసిన సంగతి తనే చెప్పాలని. కానీ ముందు ప్రాసిక్యూషన్ తన పని పూర్తి చేశాకే అది లేస్తుంది. వాళ్ల గోడలో లేని ఇటుకను నిందితుడి మౌనంతో పెట్టలేరు. అబద్ధం చెప్పి దొరికినా అంతే. 1984లో పుణె శరద్ సర్దా కేసులో సుప్రీంకోర్టు ఇది తేల్చి చెప్పింది. పెళ్లయిన నాలుగు నెలలకే భార్య సైనైడ్‌తో చనిపోయింది, భర్తకు హైకోర్టు దాకా ఉరి ఖాయమైంది. ఆవిడ తోబుట్టువుకు, స్నేహితురాలికి రాసిన ఉత్తరాలను కోర్టు చదివింది, 32వ సెక్షన్ కిందే. చదివాకే ఆత్మహత్య అయ్యే అవకాశం కొట్టేయలేమని భర్తను వదిలేసింది. ప్రతి లంకె విడివిడిగా రుజువు కావాలి, అన్నీ కలిపితే వాడు తప్ప ఇంకొకరు చేసే వీలు ఉండకూడదు. రెండు దారులు కనిపిస్తే నిందితుడికి అనుకూలమైనదే తీసుకోవాలి.

బుజ్జి_రేపల్లె
చూశారా! నేనన్నది అదే. కళ్లతో చూసినవాడు లేకపోతే వదిలేయడమే.

రిటైర్డ్ బెంచ్ క్లర్క్
కాదు బుజ్జీ. పూరీ ట్రంకు కేసులో చూసినవాడు ఎవడున్నాడు? అయినా అప్పీలు పోయింది. ఇంకో సంగతి, నా అనుభవంలో కళ్లతో చూశామన్నవాళ్లే ఎక్కువ అడ్డం తిరిగారు. చీఫ్‌లో గొడ్డలి అన్నవాడు, ఆరు నెలల తర్వాత క్రాస్‌లో ‘చీకట్లో కనపళ్లేదండీ’ అన్నాడు. ట్రంకు కొన్న రసీదు అలా మాట మార్చదు.

అడ్వకేట్ సత్యవతి, కాకినాడ
రసీదు మార్చదు గానీ రసీదు రాసినవాడు మారుస్తాడు సార్ 🙂 మీ మాటతో పూర్తిగా ఏకీభవించను. పరిస్థితుల సాక్ష్యం కూడా మనుషుల నోటి మీదే నడుస్తుంది. బంకు కుర్రాడు వాళ్లను గుర్తుపట్టాడా, బండిని గుర్తుపట్టాడా, పోలీసులకు ఎన్నాళ్లకు చెప్పాడు? నెల తర్వాత చెప్పి ఉంటే నాకు అనుమానమే.

కృష్ణలంక శ్రీను
పదిహేను రోజుల తర్వాతట. భయపడి చెప్పలేదన్నాడు. బంకులో సీసీ కెమెరా ఉందని కూడా రాశారు, కానీ ఆ ఫుటేజీ గురించి మళ్లీ ఎక్కడా లేదు.

అడ్వకేట్ సత్యవతి, కాకినాడ
అయితే అది పెద్ద ప్రశ్న. ఫుటేజీ కాపీ తెస్తే దానితో పాటు సర్టిఫికెట్ ఉండాలి, లేకపోతే చూపించలేరు. తేలేదంటే చెరిగిపోయిందా, తీసుకోలేదా, తీస్తే అందులో వాళ్లు లేరా? దర్యాప్తు అధికారి క్రాస్‌లో ఇవి తప్పకుండా వస్తాయి. భార్యకు వచ్చిన ఫోన్ కూడా అంతే. కాల్ రికార్డు ఆ సమయానికి కాల్ వచ్చిందని చెబుతుంది, ఏం మాట్లాడారో చెప్పదు. కానీ ఆవిడ చెప్పిన నిమిషానికే కాల్ ఉంటే, ఆవిడ మాట బరువు పెరుగుతుంది. నూకరాజు విషయంలో ఉత్తరం చేసిన పని ఇక్కడ అది చేస్తుంది.

వేణు డల్లాస్
చివరిగా ఒక డౌట్. 2024లో కొత్త సాక్ష్య చట్టం అమల్లోకి వచ్చింది కదా, ఇవన్నీ మారలేదా?

అడ్వకేట్ సత్యవతి, కాకినాడ
ఈ సంగతుల్లో మారింది ఎక్కువగా నంబర్లే. 32 వెళ్లి 26 అయింది. 2024 జూలై 1కి ముందే విచారణ నడుస్తున్న కేసులకు పాత చట్టమే, అందుకే మా నోట్లో ఇంకా పాత నంబర్లే తిరుగుతాయి.

కృష్ణలంక శ్రీను
ఇవాళ్టి పేపర్ చూశాను. ఒకే ఒక్క లైను: ‘దర్యాప్తు అధికారి విచారణ పూర్తి, కేసు 18కి వాయిదా’. కెమెరా మాట లేదు, పోస్టుమార్టం మాట లేదు. పేపర్ డెస్క్ అన్నా, ఆ క్రాస్‌లో ఏమడిగారో మీ రిపోర్టర్‌ని అడిగి చెప్పరాదూ?

పేపర్_డెస్క్
అడిగా తమ్ముడూ. ఆ పూట అతను కలెక్టరేట్ ధర్నాలో ఉన్నాడట. 18న కోర్టులోనే కూర్చోమన్నా.